ప్యానెల్ ముందు చెప్పే ఒక సంఘటన

శ్రోతలకు నమస్కారం.

చాలాకాలం ఒకచోట పనిచేసి పై బాధ్యతకు దరఖాస్తు పెట్టుకున్నవాళ్లకు ప్యానెల్ ఇంటర్వ్యూలో రెండు ప్రశ్నలు దాదాపు తప్పవు. ఏం చేయాలో ఎవరికీ స్పష్టంగా తెలియనప్పుడు మీరు నిర్ణయం తీసుకున్న సందర్భం చెప్పండి అన్నది ఒకటి. మీ ఆలోచనను గట్టిగా కాదన్నవాళ్లతో ఎలా పనిచేశారో చెప్పండి అన్నది రెండోది. "నేను అందరినీ కలుపుకుపోతానండీ" అంటే అక్కడ మార్కులు పడవు. వాళ్లకు కావలసింది నిజంగా జరిగిన ఒక్క సంఘటన.

ఇలా సంఘటన అడగడం వెనక పాత చరిత్రే ఉంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా వైమానిక దళంలో పనిచేసిన మనస్తత్వవేత్త జాన్ ఫ్లానగన్, మంచి అధికారికి ఉండాల్సిన లక్షణాల గురించి అభిప్రాయాలు అడగడం మాని, ఫలానా సందర్భంలో ఎవరు ఏం చేశారో చెప్పించి రాసుకున్నారు. ఆ పద్ధతిని 1954లో ఒక వ్యాసంగా ప్రచురించారు. అభిప్రాయం ఎవరైనా చెప్పగలరు, చేసిన పని వివరాలు మాత్రం చేసినవాళ్లకే తెలుస్తాయి.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. రెండు వందల పడకల ప్రైవేటు ఆస్పత్రి. అక్కడ వార్డు నర్సింగ్ ఇన్‌చార్జిగా ఉన్న ఒకావిడ నర్సింగ్ సూపరింటెండెంట్ పోస్టుకు ఇంటర్వ్యూకి వెళ్తోంది. ప్యానెల్లో మెడికల్ సూపరింటెండెంటు, ఫైనాన్స్ అధికారి, హెచ్‌ఆర్ నుంచి ఒకరు ఉంటారు. ఆవిడ మొదట రాసుకున్న కథ ఇదీ: "మా దగ్గర డిశ్చార్జీలు బాగా ఆలస్యమయ్యేవి. మేమందరం కలిసి కూర్చుని మాట్లాడుకుని ఆలస్యం తగ్గించాం."

ఇందులో అబద్ధం లేదు. కానీ వినేవాళ్లకు ఆవిడ కనబడదు. "మేం" అన్న మాట వెనక ఏ నిర్ణయం ఆవిడది, ఏది పైవాళ్లది అన్నది తేలదు. టీమ్‌కు దక్కాల్సింది టీమ్‌కు ఇవ్వాలి, నిజమే. అయితే నిర్ణయం దగ్గర మాత్రం "నేను" అనాలి. మన దగ్గర పెరిగినవాళ్లకు, ముఖ్యంగా ఆడవాళ్లకు, ఇది గొప్పలు చెప్పుకోవడంలా అనిపించి నోరు రాదు. ఆ మొహమాటం వల్ల సమర్థులు వెనకబడిపోవడం నాకు చాలా బాధ కలిగించే విషయం.

అదే కథను ఇప్పుడు విప్పి చూద్దాం. డాక్టరు పొద్దున "ఇంటికి వెళ్లొచ్చు" అన్నాక పేషెంటు గది ఖాళీ చేసేసరికి దాదాపు ఐదు గంటలు పట్టేది. కింద క్యాజువాలిటీలో పడక కోసం జనం ఎదురుచూస్తుండేవారు. ఆలస్యం ఎక్కడ? నర్సుల దగ్గరని డాక్టర్లు, బిల్లింగ్‌లో అని నర్సులు, ఇన్సూరెన్స్ డెస్క్ దగ్గరని బిల్లింగ్‌వాళ్లు. లెక్క ఎవరి దగ్గరా లేదు. బిల్లింగ్ మీద గానీ డాక్టర్ల మీద గానీ ఆవిడకు అధికారమూ లేదు.

ఆ రోజు ఆవిడ ముందు రెండు దారులున్నాయి. కంప్యూటర్ విభాగం ఆస్పత్రి మొత్తానికీ రిపోర్టు తయారుచేసి ఇచ్చేదాకా ఆగడం ఒకటి. అది పూర్తి లెక్క, కానీ రెండు మూడు నెలలు పడుతుంది. తన ఒక్క వార్డులో, ఒక్క వారం, కాగితం మీద రాయించడం రెండోది. అది చిన్న లెక్క, తప్పుదోవ పట్టించవచ్చు కూడా. ఆవిడ రెండోది ఎంచుకుంది. డాక్టరు చెప్పిన సమయం, డిశ్చార్జి సమ్మరీ మీద సంతకం పడిన సమయం, మందులు ఫార్మసీకి వాపసు వెళ్లిన సమయం, చివరి బిల్లు వచ్చిన సమయం, ఈ నాలుగే రాయించింది. పొరపాటు తేలితే పోయేది ఒక వారమే కాబట్టి ధైర్యం చేశానని చెప్పగలగాలి. ప్యానెల్ వెతికేది సరిగ్గా ఈ వాక్యాన్నే.

"ఇది సమ్మరీ సమస్యేనని నాకు మొదట్నుంచీ తెలుసు" అంటే కథ అక్కడే చచ్చిపోతుంది. తెలిసే ఉంటే ఇక అస్పష్టత ఏముంది? మీ కథ పనికొస్తుందో లేదో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. వదిలేసిన దారి కూడా ఆ రోజున సబబుగానే కనిపించిందా అని అడగండి. అలాంటి దారి గుర్తుకు రాకపోతే వేరే సంఘటన వెతుక్కోండి.

వారం లెక్కలో తేలిందేమిటంటే, ఎక్కువ సమయం సమ్మరీ దగ్గరే పోతోంది. జూనియర్ డాక్టరు రౌండ్స్ అన్నీ పూర్తిచేసి వచ్చాకే టైపు చేస్తున్నారు. ముందురోజు సాయంత్రమే సమ్మరీ రాసి పెడదామని ఆవిడ ప్రతిపాదించింది. సీనియర్ సర్జన్ ససేమిరా అన్నారు.

ఇక్కడే ఎక్కువమంది తప్పటడుగు వేస్తారు. సర్జన్‌ను మొండిమనిషిగా చూపిస్తారు. ఎదురుగా కూర్చున్న మెడికల్ సూపరింటెండెంటు అప్పుడు, "రేపు నా గురించి కూడా ఇలాగే చెబుతుంది కదా" అనుకుంటారు. సర్జన్ వాదన ఆయనే అక్కడుంటే "అవును, నేనన్నది అదే" అనేంత న్యాయంగా చెప్పాలి. రాత్రికి రాత్రి పేషెంటు పరిస్థితి మారితే పాత మందులతో కాగితం ఇంటికి వెళ్లిపోతుందన్నది ఆయన భయం. ఆ భయం సరైనదే. ఆవిడ అది ఒప్పుకుని ప్రతిపాదన మార్చింది. చికిత్స వివరాలు సాయంత్రం రాయాలి, మందుల జాబితా ఖాళీగా ఉంచి పొద్దున రౌండ్ అయ్యాకే నింపాలి. ముందు వేరే డాక్టర్ల పేషెంట్లతో రెండు వారాలు నడిపి, ఆ కాగితాలు ఆయనకు చూపించాకే ఆయన పేషెంట్ల దగ్గర మొదలుపెట్టింది.

ఐదు గంటలు మూడున్నరకు దిగింది. ఇన్సూరెన్స్ ఉన్నవాళ్ల విషయంలో పెద్దగా మారలేదు. ఆ రెండో మాట కూడా చెప్పాలి, ఫైనాన్స్ అధికారి అది అడక్కుండా వదలరు. డిశ్చార్జి కోసం ఆస్పత్రి నుంచి విజ్ఞప్తి అందిన మూడు గంటల్లోపు ఇన్సూరెన్స్ కంపెనీ తుది అనుమతి ఇవ్వాలని బీమా నియంత్రణ సంస్థ 2024లో నిబంధన పెట్టింది కదా, మరి మీ విజ్ఞప్తి ఎన్ని గంటలకు వెళ్లేది అంటారు. తెలిస్తే చెప్పాలి. లేకపోతే "అది నేను కొలవలేదు, నా లెక్క బిల్లు దగ్గర ఆగింది" అనాలి.

ఇదంతా బట్టీ పట్టకూడదు. ఒక కాగితం మీద అంకెలు, రెండు దారులు, ఎదుటివాళ్ల వాదన, మారనిది, ఇంతే రాసుకోవాలి. మొదటిసారి రెండు మూడు నిమిషాల్లో చెప్పి ఆగిపోవాలి. మిగిలినవి వాళ్లు అడిగినప్పటికి దాచుకోవాలి. డాక్టరు పేరు, పేషెంటు పేరు ఎక్కడా రాకూడదు.

ఇంకొక మాట. ఇంటర్వ్యూ ఇంగ్లీషులో జరిగినా, కథను మొదట తెలుగులో ఇంట్లోవాళ్లకెవరికైనా గట్టిగా చెప్పండి. పని జరిగింది తెలుగులో, గొడవపడింది తెలుగులో. నేరుగా ఇంగ్లీషులో రాసుకుంటే సర్జన్ అన్న అసలు మాట పోయి, ఎక్కడైనా వినిపించే పొడి వాక్యాలు మిగులుతాయి. తెలుగులో చెబుతున్నప్పుడు వినేవాళ్లు "అయితే ఆయన ఒప్పుకోకపోయుంటే ఏం చేసేదానివి?" అని అడుగుతారు. ప్యానెల్ కూడా అదే అడుగుతుంది. ఆ జవాబును ఇంగ్లీషులోకి మార్చుకునే పని ఆ తర్వాత పెట్టుకోండి.