115 కిలోమీటర్లే కదా, మూడున్నర గంటలెందుకు?

(హైదరాబాద్ స్టూడియో నుంచి ప్రసారమైన ఫోన్-ఇన్ కార్యక్రమం. శ్రోతల ప్రశ్నలకు జవాబిచ్చినవారు కొండదారుల పనుల్లో అనుభవమున్న రోడ్డు ఇంజనీరు.)

యాంకర్: ఉప్పల్ నుంచి ఒకరు లైన్లో ఉన్నారు. చెప్పండన్నా.

కాలర్: నమస్తే మేడం, నమస్తే సార్. మేం ఆరుగురం అరకు పోతున్నం. పొద్దున 6 గంటలకు రైలు దిగుతం విశాఖల. కారు మాట్లాడినం. 115 కిలోమీటర్లు అంటున్నరు, గంటకు 60 వేసుకున్నా రెండు గంటలల్ల పోతం గదా? ఆ దినమే బొర్రా గుహలు గూడ చూసుకొని, రాత్రి 7 గంటలకు వాపస్ రైలు ఎక్కుదామని.

ఇంజనీర్: నమస్తే అన్నా. రిటర్న్ టికెట్ అయిపోయిందా?

కాలర్: ఇంకా కాలే సార్.

ఇంజనీర్: మంచిదైంది. ఆ 115ని మూడు ముక్కలు చేసి చూడండి. విశాఖ నుంచి శృంగవరపుకోట దాకా సుమారు 50 కిలోమీటర్లు మైదానం. ఊరు దాటడంతో కలిపి గంటంపావు. మిగిలిన 65లో 35 దాకా ఘాట్ అనుకోండి. దానికి గంటకు 25 చొప్పున దాదాపు గంటన్నర. కింద కొంత, పైన కొంత మామూలు దారి 30 కిలోమీటర్లు, అది ముప్పావు గంట. మొత్తం మూడున్నర గంటలు. ఇందులో చాయ్ లేదు, ఎవరికైనా కడుపులో తిప్పితే ఆగే టైమూ లేదు.

యాంకర్: ఘాట్‌లో 25 అంటే మరీ తక్కువ కాదా? మలుపు దగ్గర తగ్గించి, తర్వాత లాగించేయవచ్చు కదా?

ఇంజనీర్: అందరూ అనుకునేది అదే. లెక్క చూద్దాం. 40లో వస్తున్న కారు హెయిర్‌పిన్ అనే వెనక్కి తిరిగే మలుపు ముందు 15కి తగ్గి, తిరిగి, మళ్లీ 40 అందుకోవడానికి సుమారు 150 మీటర్లు, 24 సెకన్లు పడుతుంది. అదే దూరం తగ్గకుండా పోతే 13, 14 సెకన్లు. అంటే ఒక్కో మలుపుకు పోయేది 10 సెకన్లు. 30 మలుపులున్నా ఐదే నిమిషాలు.

కాలర్: గంతేనా? మరి గంటన్నర ఏడికెళ్లి వచ్చె?

ఇంజనీర్: రెండు మలుపుల మధ్య దారి నుంచి! అక్కడ ఒక పక్క కొండ, ఇంకో పక్క చెట్లు. ముందున్న రోడ్డు చాలాచోట్ల 30 మీటర్లకు మించి కనిపించదు. 40లో పోయే డ్రైవర్ ప్రమాదం చూసి, బ్రేక్ మీద కాలు పెట్టి, కారు పూర్తిగా ఆగేసరికి 27 మీటర్లు పోతుంది. తడి రోడ్డైతే 30 దాటుతుంది. ఇది ఎదుట రాయి పడి ఉంటే సంగతి. ఎదుటి బండి మీ వైపుకు జరిగి వస్తుంటే, ఆ 30 మీటర్లలో రెండు బండ్లూ ఆగాలి. 25లో ఉంటే ఒక్కోదానికి సుమారు 14, 15 మీటర్లు. సరిగ్గా సరిపోతుంది. 25 అన్నది కారు బలాన్ని బట్టి కాదు, కంటికి ఆనే దూరాన్ని బట్టి వచ్చిన లెక్క.

యాంకర్: మరి ఎత్తు? ఇంజిన్ మీద భారం పడదా?

ఇంజనీర్: మీ కారుకు పెద్ద ఇబ్బంది లేదు, మీ ముందున్న లారీకి ఉంది. 16 టన్నుల లారీ 6 శాతం ఏటవాలు ఎక్కాలంటే, చక్రాల దాకా 95 కిలోవాట్ల శక్తి అందినా గంటకు 30 దాటడం కష్టం. మలుపులో ఆ ఊపూ పోతుంది, మొదటి గేర్లో మళ్లీ మొదలు. దాటడానికి ముందు రోడ్డు కనిపించదు కాబట్టి వెనకున్న పది కార్లదీ అదే వేగం. 15లో పోయే లారీ వెనక 10 కిలోమీటర్లు చిక్కుకుంటే 40 నిమిషాలు. ఇది అదృష్టం మీద ఆధారపడ్డ సంగతి, అందుకే మ్యాప్ చూపే టైము మీద అరగంట వేసుకోమంటాను.

ఎత్తుతో ఇంకో సంగతి ఉంది, అది దూరాన్నే పెంచుతుంది. మన కొండదారుల్లో మామూలుగా ఎక్కుడు 5 శాతం, అంటే 100 మీటర్లు ఎక్కాలంటే 2 కిలోమీటర్ల రోడ్డు పరచాలి. అరకు సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది. అంత ఎక్కడానికే దాదాపు 18 కిలోమీటర్ల దారి కావాలి. అంత పొడవును ఒక్క కొండ ఒంటి మీద పట్టించాలంటే మడతపెట్టాల్సిందే. ఆ మడతే హెయిర్‌పిన్. పైగా మలుపులో ఏటవాలు 40 మీటర్లకు 1 మీటరు కన్నా తక్కువ ఉండాలి, లేకపోతే బస్సు తిరగదు. అక్కడ తగ్గించిన ఎక్కుడును మిగతా దారిలో పూడ్చుకోవాలి.

కాలర్: అంటే 900 మీటర్లు ఎక్కితే అయిపోతది?

ఇంజనీర్: కాదు, చాలామంది పొరబడేది అక్కడే. గాలికొండ వ్యూపాయింట్ దగ్గర రోడ్డు అరకు కన్నా ఎత్తుకు పోయి మళ్లీ దిగుతుంది. ఊరి ఎత్తు చూసి లెక్క కట్టొద్దు, మధ్యలో ఎక్కి దిగినవన్నీ కలుపుకోవాలి. బొర్రాకు కూడా పెద్ద రోడ్డు వదిలి కిందికి దిగి, మళ్లీ ఎక్కి రావాలి.

కాలర్: అయితే రాత్రి 7 గంటల రైలు?

ఇంజనీర్: పొద్దున 7 గంటలకు విశాఖలో బయల్దేరితే అరకు చేరేసరికి పదిన్నర దాటుతుంది. తిరుగు ప్రయాణానికి ఒంటిగంటకే అరకు వదలాలి, దారిలో బొర్రాకు రెండు గంటలు పోయినా ఆరున్నర అవుతుంది. ఒక్క లారీ అడ్డొస్తే రైలు పోయినట్టే. రాత్రి అరకులో ఉండి మర్నాటి రైలుకు టికెట్ తీసుకోండి.

యాంకర్: మెహదీపట్నం నుంచి టెంపో ట్రావెలర్ డ్రైవర్ గారు.

కాలర్: సార్, దిగేటప్పుడన్నా టైము తగ్గాలె గదా? ఓనర్లు అదే అంటరు.

ఇంజనీర్: తగ్గదన్నా, చాలాసార్లు పెరుగుతుంది. తిరుమల చూడండి. పైకి పోయే దారికి కనీసం 28 నిమిషాలు, దిగే దారికి కనీసం 40 నిమిషాలు పట్టాలని దేవస్థానం నియమం పెట్టింది. దూరాలు దాదాపు ఒకటే. దిగేటప్పుడు బరువు మిమ్మల్ని కిందికి తోస్తుంది, ఆ వేగమంతా బ్రేకుల్లో వేడిగా మారాలి. కాలు తీయకుండా నొక్కుతూ వస్తే లైనర్లు వేడెక్కి పట్టు వదిలేస్తాయి. మొదట కాలిన వాసన వస్తుంది, తర్వాత పెడల్ ఎంత తొక్కినా బండి ఆగదు. ఎక్కిన గేర్లోనే దిగండి, రెండో గేరు. గట్టిగా నొక్కి వేగం తగ్గించి, వదిలేయండి, చల్లారనివ్వండి. న్యూట్రల్ మాత్రం వద్దు.

కాలర్: వాసన వచ్చినంక ఏం చెయ్యాలె?

ఇంజనీర్: వెడల్పు చోట పక్కకు తీసి, గేర్లో వదిలి, చక్రాల కింద రాళ్లు పెట్టి, కనీసం అరగంట ఆగండి. బ్రేకు డ్రమ్ముల మీద నీళ్లు పోయొద్దు, ఎర్రగా కాలిన ఇనుము పగులుతుంది. ఇరుకు చోట ఎదురు బండి వస్తే పైకి ఎక్కేదానికి దారి మీరే ఇవ్వాలి, చట్టమూ అదే చెప్తుంది. ఎక్కుడులో ఆగిన లారీ మళ్లీ కదలాలంటే చాలా కష్టం, వెనక్కి జారొచ్చు కూడా. అలా ఆగి దారిచ్చే నిమిషాలను కూడా ఓనర్‌కు చెప్పే టైములో కలపండి.

కాలర్: 40 కిలోమీటర్ల ఘాట్‌కు ఎంత చెప్పాలె సార్?

ఇంజనీర్: పదిహేనుమందితో ఉన్న ట్రావెలర్‌కు గంటకు 20 వేయండి. రెండు గంటలు. పొగమంచు గనక ఉంటే తెల్లవారేదాకా బయల్దేరమని చెప్పండి.