లీటరు దూరానికి ఎన్ని యూనిట్లు?

సభకు నమస్కారం.

ప్రకటనల రచనలోకి కొత్తగా వచ్చిన మీతో ఈ రోజు నేను ఒకే ఒక్క వాక్యం గురించి మాట్లాడదలచుకున్నాను. “పెట్రోలు ఖర్చులో పదో వంతుకే ప్రయాణం” అన్న మాట ఎలక్ట్రిక్ స్కూటర్ల ప్రకటనల్లో ఏదో ఒక రూపంలో మీకు కనిపించే ఉంటుంది. ఇలాంటి వాక్యాలు నేనూ రాశాను. రాసిన కొన్నాళ్లకు ఒక కొనుగోలుదారు తన కరెంటు బిల్లు జత చేసి, ఈ పదో వంతు ఎలా వచ్చిందో చెప్పమని కంపెనీకి ఉత్తరం రాస్తే, ఆ ఉత్తరం తిరిగి తిరిగి నా బల్ల మీదికే చేరింది. లెక్క చూపించలేకపోయాను. విద్యుత్తుతో నడపడం చవకన్న మాట నిజమే. ఆ నిజానికి నేను తగిలించిన అంకెకు మాత్రం ఆధారం లేదు.

ఆ అంకె ఎలా పుడుతుందో ఒక ఉదాహరణతో చూద్దాం. లెక్కకు వీలుగా అంకెలు నేనే ఎంచుకున్నాను, ఇవి ఏ కంపెనీ బండివీ కావు. బ్యాటరీ సామర్థ్యం 3 యూనిట్లు, అంటే 3 కిలోవాట్ అవర్లు. ధ్రువీకరణ పరీక్షలో ఒక్క చార్జింగుతో వచ్చిన దూరం 120 కిలోమీటర్లు. రాసేవాడు వెంటనే మూడును 120తో భాగించి, కిలోమీటరుకు 25 వాట్ అవర్లని తేల్చుకుంటాడు. అటుపక్క పెట్రోలు స్కూటరు రోడ్డు మీద లీటరుకు 45 కిలోమీటర్లు ఇస్తుందని ఎవరో చెబితే దాన్ని తీసుకుంటాడు. ఈ లెక్కన లీటరు పెట్రోలుతో వెళ్లే దూరానికి 1.125 యూనిట్లు సరిపోతాయి. లీటరు ధర యూనిట్ ధరకు 12 రెట్లు ఉన్నచోట ఖర్చు పదో వంతుకన్నా తక్కువే అని వస్తుంది. భాగహారంలో తప్పేమీ లేదు, కానీ అందులోకి రెండు పొరపాట్లు వచ్చి చేరాయి.

మొదటిది, బ్యాటరీలో ఉన్న విద్యుత్తుకు ఎవరూ బిల్లు కట్టరు, గోడ ప్లగ్గు నుంచి లాగిన విద్యుత్తుకే కడతారు. చార్జరు ఏసీని డీసీగా మార్చేటప్పుడు కొంత వేడి రూపంలో పోతుంది, బ్యాటరీ చార్జయ్యేటప్పుడు మరికొంత పోతుంది. మన ఉదాహరణలో 3 యూనిట్ల బ్యాటరీ పూర్తిగా నిండేసరికి మీటరు మీద 3.4 యూనిట్లు తిరిగాయనుకుందాం. రెండోది, విద్యుత్ బండికి పరీక్షశాల అంకె తీసుకుని పెట్రోలు బండికి రోడ్డు అంకె తీసుకున్నాం. అదే రోడ్డు మీద మన స్కూటరు 120కి బదులు 90 కిలోమీటర్లే వెళ్లిందనుకోండి. అప్పుడు కిలోమీటరుకు దాదాపు 38 వాట్ అవర్లు, అంటే కాగితం మీద వేసిన అంకెకు ఒకటిన్నర రెట్లు. పెట్రోలు బండి 45 కిలోమీటర్లు వెళ్లే దూరానికి ఇప్పుడు 1.7 యూనిట్లు కావాలి. అవే ధరలకు పదో వంతు కాస్తా ఏడో వంతు అయింది. ఏడో వంతు కూడా అమ్ముకోదగ్గ మాటే కదా అని నాకు అప్పట్లో ఎందుకు తోచలేదో ఇప్పటికీ ఆశ్చర్యమే.

రెండింటికీ పరీక్షశాల అంకెలే తీసుకుంటే సరిపోతుంది కదా అని మీరు అడగవచ్చు. ఒకే పరీక్ష విధానంలో వచ్చినవైతే అది న్యాయమైన పోలికే. అయితే రోడ్డు మీదికి వచ్చాక రెండు బండ్ల అంకెలూ ఒకే పాళ్లలో తగ్గవు. ఆగుతూ కదులుతూ సాగే ట్రాఫిక్‌లో పెట్రోలు ఇంజను నిలబడి కూడా ఇంధనం తాగుతుంది. విద్యుత్ మోటారు ఆగినప్పుడు దాదాపు ఏమీ తీసుకోదు, కొన్ని బండ్లలో బ్రేకు వేసినప్పుడు కొంత విద్యుత్తు బ్యాటరీకి తిరిగి చేరుతుంది. ఖాళీ రోడ్డు మీద నిలకడగా వేగంగా వెళితే గాలి నిరోధం పెరిగి విద్యుత్ బండి దూరం గట్టిగా పడిపోతుంది. చలిలోనూ తగ్గుతుంది. అందుకే ఎక్కడ, ఎలా నడిపామో చెప్పని పోలికకు అర్థం ఉండదు.

కొలిచే పద్ధతి కష్టమేమీ కాదు. ప్లగ్గుకూ చార్జరుకూ మధ్య ఒక ఎనర్జీ మీటరు పెట్టి, చార్జరు తనంతట తాను ఆగేవరకు బ్యాటరీ నింపండి. పెట్రోలు బండి ట్యాంకు కూడా నిండుగా పోయించండి. ఒకే బరువున్న మనుషులతో, ఒకే దారిలో, ఒకే వేళకు రెండూ నడిపి, తిరిగి అదే స్థాయికి నింపి, పట్టిన యూనిట్లూ లీటర్లూ రాసుకోండి. తెర మీద కనిపించే బ్యాటరీ శాతాన్ని లెక్కలోకి తీసుకోవద్దు, అది సాఫ్ట్‌వేర్ వేసే అంచనా. ఓడోమీటరును కూడా ఒకసారి సరిచూసుకోవాలి, అది ఎక్కువ చూపిస్తే ఆ మేరకు మన బండికి లేని మైలేజీ కలిసిపోతుంది. ఏ మోడ్‌లో నడిపారు, టైర్లలో గాలి ఎంత, ఆ రోజు ఉష్ణోగ్రత ఎంత అన్నవి ఫైల్లో ఉండాలి. ఒక్క రోజు కొలత చాలదు, కనీసం కొన్ని రోజులు నడిపి, వచ్చిన వాటిలో మంచిదాన్ని ఏరుకోకుండా సగటు తీయాలి.

ఇక ధరల విషయం. యూనిట్ ధర కంపెనీ చేతిలో లేదు, పెట్రోలు ధర అంతకన్నా లేదు. ఇంట్లో చార్జింగు చేసుకునేవారికి ఏడో వంతయిన ఖర్చు, యూనిట్‌కు మూడు రెట్లు తీసుకునే బయటి చార్జింగు కేంద్రంలో పెట్రోలు ఖర్చులో 42 శాతం దాకా వెళుతుంది. బండి అదే, దారి అదే. అందువల్ల నా సలహా ఏమిటంటే, ప్రకటనలో డబ్బు అంకె వేయకండి, యూనిట్ల అంకె వేయండి. “లీటరు పెట్రోలుతో ఆ స్కూటరు వెళ్లిన దూరం మా స్కూటరు 1.7 యూనిట్లతో వెళ్లింది. మీ కరెంటు బిల్లు తీసి లెక్క వేసుకోండి.” ఇందులో కంపెనీ పూచీ పడాల్సింది తాను కొలిచిన దానికే. ధర చదివేవారి చేతిలోనే ఉంది, వారి బిల్లును మించిన సాక్ష్యం మనం ఎలాగూ తేలేం.

ఈ వాక్యాన్ని “నడిపే ఖర్చు” అన్న శీర్షిక కింద పెడితే మాత్రం మళ్లీ చిక్కులో పడతాం. ఆ మాట వినగానే చదివేవారి మనసులో సర్వీసింగు, టైర్లు, బీమా, ఏదో ఒక రోజు మార్చాల్సిన బ్యాటరీ అన్నీ మెదులుతాయి. మనం కొలిచింది ఇంధనం ఒక్కటే కాబట్టి “ఇంధన ఖర్చు” అనే రాయాలి. ఇంజన్ ఆయిలూ స్పార్క్ ప్లగ్గూ అక్కరలేదని చెప్పడం సరే, కానీ దాని నుంచి “మెయింటెనెన్స్ లేదు” అనే మాటకు జారిపోవద్దు, టైర్లూ బ్రేకు ప్యాడ్లూ ఇక్కడా అరుగుతాయి. “5 ఏళ్లలో ఇంత ఆదా” అన్న మాటను నేను ఇప్పుడు పూర్తిగా మానేశాను. అందులో ఐదేళ్ల పెట్రోలు ధర, రోజూ తిరిగే దూరం, బ్యాటరీ తరుగుదల అనే మూడు ఊహలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి. పైన పెద్ద అక్షరాలతో ఆదా అని రాసి, కింద చుక్క గుర్తు పెట్టి చిన్న అక్షరాలతో ఆ మూడింటినీ చెప్పినంత మాత్రాన పై మాటకు ఆధారం పుట్టదు.

పరీక్ష షరతులను అంకె పక్కనే, అదే చూపులో పడేలా రాయాలి: “నగర రోడ్డు, ఇద్దరు మనుషులు, ఎకో మోడ్, ప్లగ్గు వద్ద కొలత, పరీక్ష జరిగిన నెల.” నెల ఎందుకంటే, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ తర్వాత ఎకో మోడ్ పట్టే విద్యుత్తు మారవచ్చు. అప్‌డేట్ వచ్చిందని ఇంజనీర్లు చెప్పిన రోజున ఆ స్కూటరుకు మళ్లీ ఎనర్జీ మీటరు తగిలించాలి, కొత్త అంకె వచ్చేదాకా పాత హోర్డింగు దించాలి.