స్పెక్ట్, పోర్ట్, గ్రాఫ్: ఇంగ్లీషు పదంలో ధాతువును గుర్తించడం ఎలా

“పోర్ట్ అంటే మోయడం అని చెప్పారు కదండీ. మరి ప్రపోర్షన్‌లో ఏం మోస్తున్నాం?” అని ఇంటర్మీడియట్ చదువుతున్న ఒక విద్యార్థిని అడిగారు.

నమస్కారం. ఏమీ మోయడం లేదమ్మా. ఆ పదం పుట్టింది వాటా అనే అర్థమున్న పోర్షియో అనే లాటిన్ నామవాచకం నుండి. “ప్రో పోర్షియోనె” అంటే వాటా ప్రకారం అని. మోయడం అనే అర్థమిచ్చే లాటిన్ క్రియ పోర్టారే. ఈ రెండింటినీ వేరు చేయడానికి నమ్మదగిన గుర్తు ఒకటి ఉంది. పోర్టారే నుండి “షన్”తో ముగిసే నామవాచకం తయారైనప్పుడు చివర “ఏషన్” వస్తుంది: ట్రాన్స్‌పోర్టేషన్, డిపోర్టేషన్, ఇంపోర్టేషన్. ప్రపోర్షన్‌లో ఆ “ఏ” లేదు, కనుక అది ఈ కుటుంబానికి చెందదు. ఆపర్చునిటీ కూడా చెందదు. అందులో ఉన్నది రేవు అనే అర్థమున్న పోర్టుస్. పడవను రేవు వైపు నెట్టే అనుకూలమైన గాలి అన్న ఊహ నుండి ఆ పదానికి అవకాశం అనే అర్థం వచ్చింది.

అసలైన పోర్ట్ పదాలు మనకు కొత్తగా అనిపించనవసరం లేదు. సంస్కృతంలో హృ అనే ధాతువుకు తీసుకుపోవడం అని అర్థం. దానికి ముందు ఉపసర్గ చేరితే ఆహారం, విహారం, సంహారం, పరిహారం, ప్రహారం అవుతాయి. ఉపసర్గ ధాతువు అర్థాన్ని బలవంతంగా మరోచోటికి లాక్కుపోతుందని చెప్పే పాత శ్లోకం ఉదాహరణగా చూపేది ఈ పదాలనే. ఇంపోర్ట్ లోపలికి తేవడం, ఎక్స్‌పోర్ట్ బయటికి పంపడం, రిపోర్ట్ వెనక్కి మోసుకొచ్చిన సంగతి. సపోర్ట్‌లో ఉన్నది కింద అనే అర్థమున్న “సబ్”. పక్కన ప కారం ఉండటం వల్ల బ కారం కూడా ప కారంగా మారింది. సత్, జనుడు కలిసి సజ్జనుడు అయినట్టే ఇదీ జరిగింది. కింద నిలబడి బరువు మోయడమే సపోర్ట్. ఈ సంధి తెలియకపోతే ఉపసర్గ ఎక్కడ ముగిసిందో, ధాతువు ఎక్కడ మొదలైందో కనబడదు.

చూడటం అనే అర్థమున్న స్పెక్ట్‌కు వచ్చేసరికి దాగుడుమూతలు మరింత ఎక్కువ. ఇన్‌స్పెక్ట్‌లో ధాతువు స్పష్టంగా ఉంది, లోపలికి చూడటం. కానీ ఎక్స్‌పెక్ట్ తీసుకోండి. అది ఎక్స్, స్పెక్ట్ కలిసిన పదమే. ఎక్స్ చివర స ధ్వని అప్పటికే ఉన్నందున రెండో స కారం రాతలో జారిపోయింది. రాబోయే దాని కోసం బయటికి చూస్తూ ఉండటం అన్నమాట. మనం ఎదురుచూడటం అన్నప్పుడు కూడా చూడటాన్నే వాడుకున్నాం గదా! కన్‌స్పిక్యువస్‌లోనైతే అచ్చు మారి స్పెక్ కాస్తా స్పిక్ అయింది. అందరి చూపూ పడేలా ఉన్నది అని దాని భావం.

ఇదే ధాతువు వైద్య పరిశోధనా పత్రాలలో ఎలా పనికొస్తుందో చూద్దాం. రిట్రోస్పెక్టివ్ స్టడీ, ప్రాస్పెక్టివ్ స్టడీ అని రెండు మాటలు ఎదురవుతాయి. రిట్రో అంటే వెనక్కి, ప్రో అంటే ముందుకు. గత పదేళ్లలో ఒక ఆసుపత్రికి వచ్చిన మధుమేహ రోగుల పాత కేసు షీట్లు తెరిచి, ఎవరికి మూత్రపిండాలు దెబ్బతిన్నాయో లెక్క తీస్తే అది మొదటిది. ఈరోజు రోగులను చేర్చుకుని, ఏటా వారిని పరీక్షిస్తూ ముందుకు సాగితే అది రెండోది. ఈ తేడా తెలిసిన పాఠకుడు పాత షీట్లలో రాయని సమాచారం ఏమిటని వెంటనే అడగగలడు, ఎందుకంటే వెనక్కి చూసేవాడికి అప్పుడు ఎవరో రాసిపెట్టినదే తప్ప మరొకటి దొరకదు.

గ్రాఫ్ లాటిన్ కాదు, గ్రీకు. గ్రాఫెయిన్ అంటే మొదట గీకడం, ఆ తరువాత రాయడం. సంస్కృతంలోని లిఖ్ ధాతువుకు కూడా గీకడం, రాయడం రెండూ అర్థాలే. గంటంతో తాటాకు మీద అక్షరం గీసి, ఆ గీతలో మసి నింపిన మన పూర్వీకులకు ఈ రెండూ ఒకే పని.

ఈ ధాతువులో ప్రధానంగా గమనించవలసింది పదం చివర. భూకంపాన్ని నమోదు చేసే యంత్రం సీస్మోగ్రాఫ్. అది గీసిన గీత సీస్మోగ్రామ్. ఈసీజీలో చివరి జీ కూడా గ్రామే, అంటే యంత్రం కాదు, డాక్టరు చేతిలో ఉన్న ఆ గీతల కాగితం. అయితే దీన్ని గట్టి సూత్రంగా పట్టుకోవద్దు. ఫొటోగ్రాఫ్ చివర గ్రాఫ్ ఉన్నా అది యంత్రం కాదు, కాంతి గీసిన బొమ్మ.