వంద మీద వెళ్తున్న కారుకు గాలి ఎంత అడ్డం?

శ్రోతలకు నమస్కారం.

కొత్త కారు బ్రోచర్లలో ఈమధ్య ఒక చిన్న అంకె కనిపిస్తోంది. డ్రాగ్ కోఎఫిషియెంట్ 0.32 అనో, 0.29 అనో రాస్తున్నారు. ఎయిర్‌బ్యాగులు ఎన్ని, మైలేజీ ఎంత అని అడిగేవాళ్లు చాలామంది ఉంటారు గానీ, ఈ అంకె సంగతి అడిగేవాళ్లు తక్కువ. హైవే మీద మీరు పోయించే పెట్రోలులో ఎక్కువ భాగం ఎటు పోతుందో తేల్చేవాటిలో ఇది ముఖ్యమైనది. ఈ రోజు ఆ అంకెతో మొదలుపెట్టి, గంటకు వంద కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారుకు ఎంత పవర్ కావాలో లెక్క కడదాం. కూడికలు, గుణకారాలు వస్తే చాలు.

ముందు ఈ అంకె ఏమిటో చూద్దాం. కారు ముందుకు వెళ్తుంటే గాలి దాన్ని వెనక్కి నెడుతుంది. ఆ బలాన్ని డ్రాగ్ అంటారు. అదే వేగంలో, అదే సైజు ఉన్న రెండు వస్తువుల మీద గాలి ఒకేలా నెట్టదు. ఆకారాన్ని బట్టి మారుతుంది. ఆ మార్పును చెప్పేదే డ్రాగ్ కోఎఫిషియెంట్. దీనికి కిలోలు, మీటర్లు లాంటి కొలమానం ఏదీ ఉండదు, ఉత్త సంఖ్య. గాలికి ఎదురుగా నిలబెట్టిన బల్లపరుపు రేకుకు ఇది ఒకటికి కొంచెం పైన ఉంటుంది. పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌కు 0.48 దాకా ఉండేది. ఇప్పటి మామూలు కార్లు 0.30, 0.35 మధ్యలో ఉంటాయి. బాగా శ్రద్ధపెట్టి తయారుచేసిన కొన్ని ఎలక్ట్రిక్ కార్లు 0.20 దగ్గరకు వచ్చాయి.

ముక్కు సన్నగా ఉంటే కారు గాలిని చీల్చుకుపోతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి గొడవంతా ఎక్కువగా వెనకాల ఉంటుంది. బానెట్ మీదుగా, పైకప్పు మీదుగా జారుతూ వచ్చిన గాలి, కారు వెనక ఒక్కసారిగా కిందికి తిరగలేదు. కారును వదిలేసి విడిపోతుంది. అలా విడిపోయిన చోట సుడులు తిరుగుతూ, పీడనం తగ్గిన గాలి మిగులుతుంది. ముందు వైపు ఎక్కువ పీడనం, వెనక తక్కువ పీడనం. ఈ తేడాయే కారును వెనక్కి లాగుతుంది. అందుకే వెనక భాగం నెమ్మదిగా సన్నబడే ఆకారాలకు డ్రాగ్ తక్కువ. ఇది కొత్తగా తెలిసిన విషయమేమీ కాదు. ఎడ్మండ్ రుంప్లర్ అనే ఇంజనీరు 1921లో బెర్లిన్ మోటారు ప్రదర్శనలో నీటిచుక్క ఆకారంలో ఒక కారు పెట్టారు. దాన్ని 1979లో ఫోక్స్‌వ్యాగన్ వాళ్ల విండ్ టన్నెల్‌లో పెట్టి కొలిస్తే 0.28 వచ్చింది. ఇవాళ రోడ్డు మీద తిరుగుతున్న ఎన్నో కార్ల కంటే మెరుగు!

అయితే బ్రోచర్‌లోని అంకె సగం కథే చెబుతుంది. రెండో సగం కారు ఎదురు వైశాల్యం. అంటే కారును ఎదురుగా నిలబడి చూస్తే, దాని నీడ గోడ మీద ఎంత చోటు ఆక్రమిస్తుందో అంత. దీన్ని కంపెనీలు చాలావరకు చెప్పవు. కానీ మనమే దాదాపుగా కట్టుకోవచ్చు. అద్దాలు వదిలేసి కారు వెడల్పును ఎత్తుతో గుణించి, అందులో 85 శాతం తీసుకోవాలి. మూలలు గుండ్రంగా ఉంటాయి, కింద చక్రాల మధ్య ఖాళీ ఉంటుంది, అందుకని ఆ 15 శాతం తగ్గింపు. వెడల్పు 1.7 మీటర్లు, ఎత్తు 1.52 మీటర్లు ఉన్న హ్యాచ్‌బ్యాక్‌కు ఇలా చేస్తే 2.2 చదరపు మీటర్లు వస్తుంది. పెద్ద ఎస్‌యూవీకి ఇది 2.7 దాటవచ్చు. అంటే రెండు కార్లకూ బ్రోచర్‌లో 0.32 అనే ఉన్నా, పెద్ద కారు మీద గాలి తోపు ఇరవై శాతానికి పైగా ఎక్కువ. కార్లను పోల్చాలంటే ఈ రెండు సంఖ్యల గుణకారాన్ని పోల్చాలి, ఒక్క కోఎఫిషియెంట్‌ను కాదు.

ఇక లెక్క. డ్రాగ్ బలం కావాలంటే ఐదు సంఖ్యలు గుణించాలి. సగం, గాలి సాంద్రత, కోఎఫిషియెంట్, ఎదురు వైశాల్యం, వేగం వర్గం. అక్షరాల్లో రాస్తే:

F = ½ × ρ × Cd × A × v²

ఎండాకాలం విజయవాడ లాంటి చోట ఒక ఘనపు మీటరు గాలి సుమారు 1.15 కిలోలు బరువు ఉంటుంది. హైదరాబాద్ సముద్రమట్టానికి ఐదు వందల మీటర్లకు పైన ఉంది కాబట్టి అక్కడ గాలి ఇంకో ఐదారు శాతం పలచన. మనం 1.15 తీసుకుందాం. కోఎఫిషియెంట్ 0.32, వైశాల్యం 2.2. వేగాన్ని మాత్రం గంటకు కిలోమీటర్లలో పెట్టకూడదు, సెకనుకు మీటర్లలోకి మార్చాలి. అందుకు 3.6తో భాగించాలి. వంద కాస్తా 27.8 అవుతుంది. విద్యార్థుల లెక్కల్లో ఎక్కువ తప్పులు ఇక్కడే వస్తాయి. మార్చకుండా వందనే వర్గం చేస్తే జవాబు దాదాపు పదమూడు రెట్లు పెరిగిపోతుంది. నాలుగు వేల న్యూటన్లు వచ్చిందంటే ఈ మార్పు మరిచిపోయారని అర్థం.

అన్నీ గుణిస్తే సుమారు 312 న్యూటన్లు వస్తుంది. 32 కిలోల బరువును ఎత్తి పట్టుకోవడానికి కావలసినంత బలం. ఈ బలాన్ని వేగంతో గుణిస్తే పవర్ వస్తుంది. 312ను 27.8తో గుణిస్తే 8,700 వాట్లు, అంటే 8.7 కిలోవాట్లు. పొలంలో బోరుకు పెట్టే ఐదు హెచ్‌పీ మోటార్లు రెండు కలిపి తిప్పినా దీనికి కాస్త చాలవు. ఇదంతా గాలిని పక్కకు నెట్టడానికి మాత్రమే.

గాలితో పాటు టైర్ల నిరోధం కూడా ఉంది. రోడ్డును తాకిన చోట టైరు నొక్కుకుని, మళ్లీ తేరుకుంటూ ఉంటుంది. అందులో కొంత శక్తి వేడిగా పోతుంది. మంచి రోడ్డు మీద, గాలి సరిగా కొట్టిన టైర్లకు ఇది బరువులో వందో వంతు కంటే కొద్దిగా ఎక్కువ. మనుషులతో కలిపి 1,200 కిలోల కారుకు 130 న్యూటన్లు అనుకోవచ్చు. వేగం పెరిగినా ఇది పెద్దగా మారదు. వంద మీద ఇది 3.6 కిలోవాట్లు తీసుకుంటుంది. రెండూ కలిపితే చక్రాల దగ్గర 12.3 కిలోవాట్లు. కారు ఇంజిన్ ఎనభై హార్స్‌పవర్ అని గొప్పగా చెప్పుకుంటాం గానీ, చదునైన రోడ్డు మీద వందలో నిలకడగా వెళ్లడానికి పదిహేడు హార్స్‌పవర్ సరిపోతుంది. మిగతాది ఓవర్‌టేక్ చేయడానికి, ఘాట్ ఎక్కడానికి.

ఇప్పుడు అదే కారును ఎనభై మీద, నూటఇరవై మీద నడిపి చూద్దాం. ఎనభైలో గాలి తోపు 200 న్యూటన్లు, పవర్ 4.4 కిలోవాట్లు. నూటఇరవైలో తోపు 450 న్యూటన్లు, పవర్ 15 కిలోవాట్లు. వేగం ఒకటిన్నర రెట్లు పెరిగితే గాలికి కావలసిన పవర్ మూడు రెట్లు దాటింది. బలం వేగం వర్గంతో పెరుగుతుంది, దాన్ని మళ్లీ వేగంతో గుణిస్తాం కాబట్టి పవర్ వేగం ఘనంతో పెరుగుతుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ ఘనం మాట విని, వేగం రెట్టింపు చేస్తే పెట్రోలు ఎనిమిది రెట్లు కాలుతుందని చెప్పేవాళ్లు ఉన్నారు. అది సరి కాదు. పవర్ ఎనిమిది రెట్లే, కానీ ఆ దూరం సగం సమయంలో అయిపోతుంది. కాబట్టి కిలోమీటరుకు గాలి తినే శక్తి నాలుగు రెట్లు. మన జేబుకు కావలసింది కిలోమీటరు లెక్కే. దానికి పవర్‌తో పని లేదు, బలం చూస్తే చాలు.

టైర్లతో కలిపి బలం ఎనభైలో 330 న్యూటన్లు, వందలో 442, నూటఇరవైలో 580. పెట్రోలులో ఉన్న శక్తిలో చక్రాలకు చేరేది 28 శాతం అనుకుంటే, నూరు కిలోమీటర్లకు ఎనభైలో 3.7 లీటర్లు, వందలో 4.9, నూటఇరవైలో 6.5 లీటర్లు. వంద నుంచి నూటఇరవైకి పెంచితే ఆ నూరు కిలోమీటర్లలో కలిసొచ్చేది పది నిమిషాలు, అదనంగా కాలేది 1.6 లీటర్లు. వాస్తవంలో తేడా ఇంతకన్నా కొంచెం తక్కువే ఉంటుంది. ఎందుకంటే తక్కువ లోడు మీద పెట్రోలు ఇంజిన్ అంత సమర్థంగా పనిచేయదు. అందుకే నలభై మీద, ముప్పై మీద నడిపితే మైలేజీ అలా పెరుగుతూనే పోదు. ఏసీ కూడా తన వాటా తీసుకుంటుంది.

గాలి వీస్తున్న రోజు సంగతేమిటి? మీరు వందలో వెళ్తున్నారు, ఎదురుగాలి ఇరవై. కారుకు తగిలే గాలి వేగం నూటఇరవై, కాబట్టి తోపు 450 న్యూటన్లు. కానీ పవర్ కట్టేటప్పుడు రోడ్డు మీది వేగంతోనే గుణించాలి, అంటే 27.8తో. వచ్చేది 12.5 కిలోవాట్లు, 15 కాదు. తిరిగి వచ్చేటప్పుడు అదే గాలి వెనక నుంచి వీస్తే 5.6 కిలోవాట్లు చాలు. రెండింటి సగటు 9 పైనే, గాలి లేని రోజు 8.7. వెళ్లేటప్పుడు పోయింది వచ్చేటప్పుడు పూర్తిగా తిరిగి రాదన్నమాట.

పండక్కి ఊరెళ్తూ పైకప్పు మీద సూట్‌కేసులు కట్టినప్పుడూ ఇదే లెక్క. మీటరు వెడల్పు, నలభై సెంటీమీటర్ల ఎత్తు సామాను కడితే ఎదురు వైశాల్యం 2.2 నుంచి 2.6కు పోతుంది. అక్కడికే పద్దెనిమిది శాతం. దానికి తోడు పైకప్పు మీద సాఫీగా జారాల్సిన గాలి చెదిరి, కోఎఫిషియెంట్ కూడా పెరుగుతుంది. సామాను దించాక ఖాళీ క్యారియర్‌ను ఏడాదంతా పైనే ఉంచేవాళ్లు కూడా ఆ పైపులకు కొంత పెట్రోలు కడుతూనే ఉన్నట్టు. వీలైతే విప్పి ఇంట్లో పెట్టండి.

ఎలక్ట్రిక్ కార్లలో ఈ తేడా దాపరికం లేకుండా కనిపిస్తుంది. మోటారు దాదాపు అన్ని వేగాల్లోనూ సమర్థంగానే పనిచేస్తుంది కాబట్టి, గాలి తిన్నదంతా నేరుగా రేంజిలో తగ్గుతుంది. బరువు, ఆకారం మన హ్యాచ్‌బ్యాక్‌వే అనుకుని, 30 యూనిట్ల బ్యాటరీలో 88 శాతం చక్రాలకు చేరుతుందని తీసుకుందాం. ఎనభైలో 288 కిలోమీటర్లు వెళ్తుంది. వందలో 215. నూటఇరవైలో 164. మన దేశంలో కార్ల మైలేజీ, రేంజి పరీక్షించడానికి వాడుతూ వచ్చిన డ్రైవింగ్ సైకిల్‌లో అత్యధిక వేగం గంటకు 90 కిలోమీటర్లే, అదీ కాసేపే. ఎక్కువ భాగం ఊళ్లో నడిపినట్టు నెమ్మదిగా సాగుతుంది. అలాంటి పరీక్షలో వచ్చిన రేంజిని నమ్ముకుని నాలుగు లేన్ల రోడ్డు మీద నూటపది, నూటఇరవైలో వెళ్తే, బ్యాటరీ మీటరు అనుకున్న దానికంటే చాలా ముందే ఎరుపు చూపిస్తుంది. దూరం వెళ్లే ముందు ఛార్జింగ్ స్టేషన్లు ఎక్కడెక్కడ ఉన్నాయో చూసుకునేటప్పుడు, కంపెనీ చెప్పిన దూరం కాకుండా, మీరు నడపబోయే వేగానికి ఈ లెక్క ఒకసారి కట్టి చూసుకోండి.

నమస్కారం.