జర్మనీలో ప్రసూతి సెలవు జీతం: ఆ మూడు నెలల పేస్లిప్పులు దగ్గర పెట్టుకోండి

హాయ్ అండీ, నమస్తే. ఫ్రాంక్‌ఫర్ట్‌లో పొద్దున్నుంచి ఒకటే వాన. పాప ఇప్పుడే పడుకుంది, అందుకే కాస్త మెల్లగా మాట్లాడుతున్నాను. ఇక్కడ మన అమ్మాయిలు కడుపుతో ఉన్నామని తెలియగానే నన్ను అడిగే మొదటి ప్రశ్న, "అక్కా, సెలవులో జీతం మొత్తం వస్తుందా?" అని. చాలామందికి చేతికొచ్చే జీతం దాదాపు అంతే వస్తుంది. కానీ అది రెండు చోట్ల నుంచి వస్తుంది, దాని లెక్క సెలవుకు ముందు మూడు నెలల మీద నిలబడుతుంది. ఆ లెక్కలో తేడా వస్తే ఎవరూ వచ్చి మనకు చెప్పరు. అందుకే ఈరోజు ఆ ఒక్క లెక్కే చూద్దాం.

ఇక్కడ ఈ సెలవును ముటర్‌షుట్స్ అంటారు. డాక్టర్ ఇచ్చిన డెలివరీ తేదీకి ఆరు వారాల ముందు మొదలై, పుట్టాక ఎనిమిది వారాల వరకు ఉంటుంది. కవలలైనా, నెలలు నిండకుండా పుట్టినా, తర్వాతి ఎనిమిది వారాలు పన్నెండు అవుతాయి. బిడ్డ చెప్పిన తేదీకన్నా ముందే పుడితే, ముందు వాడుకోని రోజులు వెనక కలుస్తాయి. ఆలస్యమైతే ముందు సెలవు పొడుగవుతుందే తప్ప, వెనక ఎనిమిది వారాల్లో ఒక్క రోజు కూడా తగ్గదు.

ఇక డబ్బు సంగతి. ప్రభుత్వ ఆరోగ్య బీమాలో సొంతంగా సభ్యురాలైన ఉద్యోగినికి బీమా సంస్థ రోజుకు గరిష్ఠంగా 13 యూరోలు ఇస్తుంది. దీన్ని ముటర్‌షాఫ్ట్స్‌గెల్ట్ అంటారు. మన నెట్ జీతం రోజుకు సగటున ఎంతో లెక్కగట్టి, అందులోంచి ఈ 13 తీసేసి, మిగిలింది కంపెనీ ఇస్తుంది. ఆ సగటు కోసం సెలవు మొదలయ్యే ముందు జీతం లెక్క పూర్తయిన చివరి మూడు క్యాలెండర్ నెలలు చూస్తారు. నెల జీతం వాళ్లకు నెలను 30 రోజులుగా పట్టి, మూడు నెలల నెట్ జీతాన్ని 90తో భాగిస్తారు. శని, ఆదివారాలకు కూడా డబ్బు వస్తుంది, ఎందుకంటే ఇది క్యాలెండర్ రోజుల లెక్క.

ఇప్పుడు మా ఫ్రెండ్ లెక్క చూపిస్తాను, తను సరేనంది. పేరు సంధ్య అనుకుందాం, అంకెలు మీకు అర్థం కావడానికి గుండ్రంగా మార్చాను. డెలివరీ తేదీ సెప్టెంబర్ 14. ఆరు వారాలు వెనక్కి వెళ్తే ఆగస్టు 3న సెలవు మొదలు. అంటే లెక్కకు వచ్చేవి మే, జూన్, జూలై. మేలో నెట్ 2,400 యూరోలు. జూన్‌లో కూడా అంతే, కానీ ఆ నెల కంపెనీ హాలిడే బోనస్ ఇచ్చింది కాబట్టి పేస్లిప్పులో అంకె పెద్దగా కనిపించింది. జూలై నుంచి ఇంక్రిమెంట్, నెట్ 2,580.

కంపెనీ పేరోల్ వాళ్లు బోనస్ తీసేసి, మూడు నెలలూ కూడారు. 7,380 వచ్చింది. 90తో భాగిస్తే రోజుకు 82. అందులోంచి 13 పోతే 69. సంధ్యకు ఆగస్టు చివర వచ్చిన పేస్లిప్పు ఆ 69 మీదే ఉంది. "జూన్‌లో నాకు ఎక్కువ వచ్చింది కదక్కా, అదెందుకు కలపలేదు?" అని ఫోన్ చేసింది.

బోనస్ తీసేయడం సరైనదే. ఒక్కసారి ఇచ్చే డబ్బును ఈ సగటులో కలపకూడదని చట్టంలోనే ఉంది. తప్పు జరిగింది ఇంక్రిమెంట్ దగ్గర. ఆ మూడు నెలల్లో ఎప్పుడైనా జీతం శాశ్వతంగా మారితే, మారిన జీతాన్ని మొత్తం మూడు నెలలకూ వర్తింపజేయాలి. ముటర్‌షుట్స్ చట్టం 21వ సెక్షన్ ఆ మాటే చెబుతుంది. కాబట్టి 2,580ని మూడుతో హెచ్చించి 90తో భాగించాలి. రోజుకు 86 వస్తుంది, కంపెనీ వాటా 73 అవుతుంది. తేడా రోజుకు నాలుగు యూరోలే కదా అనిపిస్తుంది. ముందు 42 రోజులు, పుట్టిన రోజు ఒకటి, తర్వాత 56 రోజులు, మొత్తం 99. అంటే 396 యూరోలు! పసిబిడ్డ ఉన్న ఇంట్లో అది చిన్న మొత్తం కాదండీ.

ఇంక్రిమెంట్ సెలవులో ఉండగా, అంటే సెప్టెంబర్ 1 నుంచి అమలైతే, ఆ రోజు నుంచి కొత్త జీతం మీద లెక్క మార్చాలి. అలాగే ఆ మూడు నెలల్లో కుర్జ్‌ఆర్బైట్, అంటే కంపెనీ కొంతకాలం పని గంటలు తగ్గించడం వల్లో, మన తప్పు లేకుండా పనికి వెళ్లలేకపోవడం వల్లో జీతం తగ్గితే, ఆ కోతను లెక్కలోకి తీసుకోకూడదు. దీర్ఘకాలం జబ్బు పడి ఒక నెల కంపెనీ జీతమే రాకపోతే సగటు పడిపోతుందని భయపడక్కర్లేదు.

సంధ్య పేరోల్‌కు మెయిల్ పెట్టింది. కోపంగా కాదు, సెక్షన్ నంబరు, జూలై ఇంక్రిమెంట్ లెటరు, ఈ లెక్క, అంతే. తర్వాతి నెల పేస్లిప్పులో సరిచేశారు. మన అమ్మాయిలు అడగడానికి మొహమాటపడతారు, కంపెనీకి ఖర్చు పెంచుతున్నామేమో అని. నిజానికి కంపెనీ ఇచ్చిన ఈ వాటా మొత్తం ఉమ్‌లాగె ఊ2 అనే నిధి నుంచి దానికి తిరిగి వస్తుంది. ఆ నిధికి కంపెనీలన్నీ నెలనెలా కడతాయి, ఆడవాళ్లు లేని కంపెనీలు కూడా. ఈ ఏర్పాటు నాకు చాలా నచ్చింది. మన దేశంలో చట్టం కూడా మూడు నెలల సగటు రోజు జీతమే లెక్కగా పెట్టింది, కానీ ఈఎస్ఐ పరిధిలో లేని ఉద్యోగినికి మొత్తం భారం కంపెనీ మీదే పడుతుంది.

ఇప్పుడు ప్రైవేట్ బీమా ఉన్నవాళ్లు జాగ్రత్తగా వినండి. మీకు రోజుకు 13 యూరోలు రావు. బదులుగా ప్రభుత్వ కార్యాలయం మొత్తం సెలవుకు కలిపి గరిష్ఠంగా 210 యూరోలు ఇస్తుంది, దానికి విడిగా దరఖాస్తు చేసుకోవాలి. కంపెనీ మాత్రం ఆ 13 వచ్చినట్టే లెక్కవేసి తీసేస్తుంది. సంధ్య ప్రైవేట్‌లో ఉండి ఉంటే 1,287 యూరోలకు బదులు 210 వచ్చేవి.

ఇంకో సంగతి ట్యాక్స్ క్లాస్, అంటే నెలనెలా జీతంలోంచి ఎంత పన్ను కోయాలో చెప్పే తరగతి. మన జంటల్లో భర్తకు మూడు, భార్యకు ఐదు పెట్టుకోవడం మామూలే. ఐదులో భార్య నెట్ జీతం బాగా తగ్గుతుంది, సెలవు డబ్బు ఆ నెట్ మీదే లెక్క కాబట్టి అదీ తగ్గుతుంది. అలాగని చివరి మూడు నెలల ముందు హడావిడిగా తారుమారు చేస్తే, కేవలం ఈ డబ్బు కోసమే చేశారని కంపెనీ ఒప్పుకోకపోవచ్చు, కోర్టులు కూడా అలాంటి మార్పును తప్పుపట్టాయి. పిల్లల గురించి ఆలోచన మొదలైనప్పుడే ఇద్దరూ నాలుగుకు మారడం గురించి మాట్లాడుకోండి.

కాగితాల విషయానికొస్తే, డెలివరీ తేదీ రాసిన సర్టిఫికెట్ డాక్టర్ గానీ మంత్రసాని గానీ ఇస్తారు. అది బీమా సంస్థకు, కంపెనీకి ఇవ్వాలి. పుట్టాక బర్త్ సర్టిఫికెట్లతో పాటు ప్రసూతి సహాయం కోసమని రాసిన కాపీ ఒకటి ఇస్తారు, అది వెంటనే బీమా సంస్థకు పంపితేనే వాళ్ల మిగతా డబ్బు కదులుతుంది.

ఈ డబ్బు మీద పన్ను ఉండదు, కానీ మిగతా ఆదాయం మీద పన్ను శాతాన్ని పెంచుతుంది. ఏడాదిలో ఇలాంటివి 410 యూరోలు దాటితే రిటర్న్ వేయాల్సిందే, కాబట్టి కొంత పక్కన పెట్టుకోండి. బిడ్డను చూసుకుంటూ ఇంట్లో ఉండే తల్లిదండ్రులకు ప్రభుత్వం ఇచ్చే ఎల్టర్న్‌గెల్ట్‌కు మూడు నెలలు కాదు, పన్నెండు నెలలు చూస్తారు. ఆ లెక్క వచ్చే వీడియోలో చేద్దాం. పాప లేచినట్టుంది, ఉంటానండీ.