స్లాబ్ వాయిదా బాకీ ఉన్నప్పుడు బిల్డర్ రాయవలసిన రిమైండర్

నమస్కారం. నిర్మాణ దశలను బట్టి వాయిదాలు కట్టే పద్ధతిలో ఫ్లాట్లు అమ్మే బిల్డర్లు, వారి కార్యాలయాల్లో ఖాతాలు చూసేవారు పంపే రిమైండర్ల గురించి ఈ వీడియోలో మాట్లాడదలచుకున్నాను. ఇలాంటి ఉత్తరాలు చాలావరకు రెండే రకాలుగా ఉంటున్నాయి. ఒక రకం 'దయచేసి సహకరించగలరు' అని బతిమాలుతుంది, రెండో రకం 'చట్టపరమైన చర్యలు తప్పవు' అని మొదటి వాక్యంలోనే బెదిరిస్తుంది. బెదిరిస్తే తప్ప డబ్బు రాదనే అపోహ ఈ రంగంలో ఎంత బలంగా పాతుకుపోయిందో చూసినప్పుడల్లా నాకు చిరాకు కలుగుతుంది. గట్టిగా అడగాలంటే కావలసింది రుజువు, సరైన లెక్క. అవి రెండూ ఉత్తరంలో లేనప్పుడే బెదిరింపు అవసరమవుతుంది.

ఒకే ఉదాహరణ తీసుకుని చివరిదాకా దానితోనే నడుద్దాం. ఫ్లాట్ ధర 80 లక్షల రూపాయలు. ఒప్పందం ప్రకారం 'ఐదో స్లాబ్' పూర్తయినప్పుడు ధరలో 8 శాతం, అంటే 6,40,000 రూపాయలు చెల్లించాలి. స్లాబ్ జూన్ 3న వేశారు, డిమాండ్ లెటర్ జూన్ 5న వెళ్లింది, గడువు జూన్ 20తో ముగిసింది, డబ్బు రాలేదు. ఇప్పుడు రిమైండర్ రాయాలి.

(తెరపై: భవనం నిలువుకోత బొమ్మ, స్లాబులకు అంకెలు)

మొదట తేల్చుకోవలసింది ఐదో స్లాబ్ అంటే ఏది అన్న విషయం. కింద స్టిల్ట్ పార్కింగ్ ఉన్న భవనంలో పార్కింగ్ పైకప్పే మొదటి స్లాబ్ అవుతుంది కాబట్టి, ఐదో స్లాబ్ నాలుగో అంతస్తుకు పైకప్పు, ఐదో అంతస్తుకు నేల. కొనుగోలుదారు మాత్రం సైటుకు వచ్చి ఐదో అంతస్తుకు పైకప్పు లేదని చూసి, 'పని కాకుండానే డబ్బు అడుగుతున్నారు' అని వెళ్లిపోతారు. ఆయన అనుమానంలో తప్పేమీ లేదు. ఒప్పందంలోని చెల్లింపుల షెడ్యూల్‌లో ఉన్న మాటనే ఉత్తరంలో యథాతథంగా వాడి, అది ఏ అంతస్తుకు పైకప్పో పక్కనే ఒక్క వాక్యంలో చెబితే ఈ తగాదా పుట్టదు. టవర్లు ఎక్కువగా ఉన్న చోట ఆయన ఫ్లాట్ ఉన్న టవర్ పేరు కూడా రాయాలి, ఎందుకంటే పక్క టవర్‌లో వేసిన స్లాబ్‌కు ఈయన బాకీ పడరు.

తరువాత, ఆ స్లాబ్ ఎప్పుడు పూర్తయినట్టు? సెంట్రింగ్ కొట్టి ఇనుము కట్టినంత మాత్రాన స్లాబ్ పడినట్టు కాదు. కాంక్రీట్ పోసిన రోజునే లెక్కలోకి తీసుకోవాలి. కొందరు బిల్డర్లు ఇనుము కట్టే సమయంలోనే డిమాండ్ లెటర్ పంపేస్తారు, అది నాకు ఏమాత్రం సమ్మతం కాదు. గృహరుణం ఇచ్చిన బ్యాంకు తన తరఫున ఇంజినీరును పంపి దశను సరిచూసుకున్న తరువాతే డబ్బు విడుదల చేస్తుంది కాబట్టి, ఆయన వచ్చేసరికి పైన ఇనుప చువ్వలే కనిపిస్తే ఫైలు వెనక్కి వెళుతుంది, ఆ ఆలస్యానికి కొనుగోలుదారును నిందించడం న్యాయం కాదు. అందుకే రిమైండర్‌కు స్లాబ్ వేసిన తేదీని ధ్రువీకరించే ఆర్కిటెక్ట్ లేదా ఇంజినీరు సర్టిఫికెట్‌ను, తేదీ కనిపించే ఫోటోను జతచేయాలి. ఆ కాగితాలను కొనుగోలుదారు నేరుగా బ్యాంకుకు ఇచ్చుకోగలుగుతారు.

(తెరపై: లెక్క పట్టిక)

ఇప్పుడు లెక్క చూద్దాం. వాయిదా 6,40,000. ఈ ఫ్లాట్‌కు వర్తించే జీఎస్టీ 5 శాతం, అంటే 32,000. మొత్తం 6,72,000. చాలా ఉత్తరాలు ఇక్కడే ఆగిపోయి, 6,72,000 బాకీ అని రాసేస్తాయి. కానీ ధర 50 లక్షలు, అంతకు మించి ఉన్నప్పుడు కొనుగోలుదారు 1 శాతం టీడీఎస్ మినహాయించి ప్రభుత్వానికి జమచేయాలి. జీఎస్టీని విడిగా చూపించినప్పుడు ఆ మినహాయింపు 6,40,000 మీద మాత్రమే, అంటే 6,400. కాబట్టి బిల్డర్ ఖాతాకు రావలసింది 6,65,600. ఉత్తరం వెళ్లేలోపు బ్యాంకు 6,40,000 విడుదల చేసిందనుకోండి, అప్పుడు మిగిలిన బాకీ 25,600 మాత్రమే. అలాంటప్పుడు '32,000 జీఎస్టీ బాకీ' అని ఉత్తరం వెళితే, టీడీఎస్ కట్టి రసీదు దాచుకున్న మనిషికి కోపం రాకుండా ఉంటుందా? ఒక్క అంకె తప్పితే మిగతా ఉత్తరం మీద కూడా నమ్మకం పోతుంది, ఆ తరువాత ఎంత కఠినంగా రాసినా ప్రయోజనం ఉండదు.

వడ్డీ విషయంలో రెరా చట్టం చాలా స్పష్టంగా ఉంది. ఒప్పందం ప్రకారం సకాలంలో చెల్లించడం కొనుగోలుదారు బాధ్యత అని సెక్షన్ 19 చెబుతుంది, ఆలస్యమైతే వడ్డీ కట్టాలనీ చెబుతుంది. అయితే బిల్డర్ ఆలస్యానికి ఏ రేటో కొనుగోలుదారు ఆలస్యానికీ అదే రేటు ఉండాలని అదే చట్టం నిర్దేశించింది. మన ఒప్పందంలో ఏడాదికి 11 శాతం ఉందనుకుందాం. 6,40,000 మీద రోజుకు సుమారు 193 రూపాయలు అవుతుంది. 'భారీ జరిమానా' అని రాయడం కన్నా ఈ 193ను రాయడమే మంచిదని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే ఆ అంకెను చూసి కొనుగోలుదారు తన బ్యాంకును తొందరపెట్టాలో, సొంత డబ్బు సర్దుబాటు చేయాలో తానే నిర్ణయించుకోగలరు.

ఇవన్నీ కలిపితే ఉత్తరం ఇలా ఉంటుంది.

(తెరపై: ఉత్తరం)

'గౌరవనీయులైన శ్రీ ... గారికి, మీ ఫ్లాట్ ఉన్న టవర్‌లో ఐదో స్లాబ్, అనగా నాలుగో అంతస్తు పైకప్పు, జూన్ 3న పూర్తయింది. ఈ దశకు చెల్లించవలసిన వాయిదా గడువు జూన్ 20తో ముగిసినది. వాయిదా 6,40,000, జీఎస్టీ 32,000 కలిపి, టీడీఎస్ 6,400 మినహాయించిన తరువాత మా ఖాతాకు రావలసిన మొత్తం 6,65,600 రూపాయలు. దీనిని జూలై 5వ తేదీలోగా చెల్లించవలసిందిగా కోరుతున్నాము. ఒప్పందం ప్రకారం జూన్ 21 నుంచి వాయిదా మొత్తంపై ఏడాదికి 11 శాతం చొప్పున, అంటే రోజుకు సుమారు 193 రూపాయల వడ్డీ లెక్కకు వస్తుంది. మీరు ఇప్పటికే చెల్లించి ఉన్నా, పై లెక్కలో లేదా పని దశలో అభ్యంతరం ఉన్నా, ఆ తేదీలోగా రాతపూర్వకంగా తెలియజేయండి. బ్యాంకుకు అవసరమైన పత్రాలు దీనితో జతచేశాము.'

ఇందులో బతిమాలడం లేదు, భయపెట్టడమూ లేదు. తేదీ ఉంది, మొత్తం ఉంది, కట్టకపోతే ఏమవుతుందో ఉంది, అభ్యంతరం చెప్పుకునే దారి ఉంది. కేటాయింపు రద్దు మాట ఎందుకు లేదని అడగవచ్చు. ఒప్పందంలోని షరతుల ప్రకారమే కేటాయింపును రద్దు చేయగలరని రెరా చట్టం సెక్షన్ 11 చెబుతోంది కాబట్టి, ఆ షరతుల్లో చెప్పిన నోటీసులు, గడువులు పూర్తికాకముందే మొదటి రిమైండర్‌లో ఆ మాట రాస్తే అది అమలుచేయలేని బెదిరింపే అవుతుంది.

సమయం దగ్గరపడింది కాబట్టి మిగిలినవి త్వరగా చెబుతాను. ఒప్పందంలో ఇచ్చిన చిరునామాకు రిజిస్ట్రేషన్‌తో కూడిన స్పీడ్ పోస్టులోనూ, ఈమెయిల్‌లోనూ పంపండి. ఫ్లాట్‌కు ఇద్దరు యజమానులుంటే ఇద్దరి పేర్లూ రాయండి. ఖాతా నంబరు ఒప్పందంలో ఉన్నదే ఇవ్వండి, మారితే ఆ మార్పును వేరే ఉత్తరంలో ముందే తెలియజేయండి. అభ్యంతరం వస్తే దానికి జవాబు ఇచ్చేదాకా రెండో రిమైండర్ పంపవద్దు. డబ్బు అందగానే వాయిదా, జీఎస్టీ, వడ్డీ విడివిడిగా చూపిస్తూ రసీదు ఇవ్వండి, టీడీఎస్ సర్టిఫికెట్ చేతికి వచ్చాక ఆ 6,400ను కూడా ఆయన ఖాతాలో జమ చూపించండి.