ఇంగ్లిష్ ప్యాసేజీకి తొమ్మిది నిమిషాలు

[తెరపై: 30 ప్రశ్నలు, 20 నిమిషాలు]

నమస్కారం. ఐబీపీఎస్ పీవో ప్రిలిమ్స్‌లో ఇంగ్లిష్ విభాగానికి ఇచ్చేది 20 నిమిషాలే. గడియారం సున్నాకు రాగానే ఆ విభాగం మూసుకుపోతుంది. రీజనింగ్‌లో మిగిలిన సమయాన్ని ఇక్కడికి తెచ్చుకోవడం కుదరదు. అందుకే పెద్ద ప్యాసేజీ మొదట కనిపించినా దాన్ని వదిలి ముందుకు వెళ్లండి. తప్పులు గుర్తించేవి, ఖాళీలు పూరించేవి ముందు చేయండి. ప్యాసేజీకి 8 ప్రశ్నలు ఉన్నాయనుకుంటే మిగిలినవి 22. ఒక్కొక్కటి అర నిమిషంలో తేల్చితే 11 నిమిషాలు పడుతుంది.

[తెరపై: గడియారంలో 09:00]

ఇప్పుడు ప్యాసేజీ తెరవండి. కూరగాయల శీతల గిడ్డంగుల గురించి 450 పదాలు ఉన్నాయనుకుందాం. నిమిషానికి 150 పదాల చొప్పున మూడు నిమిషాల్లో చదవవచ్చు. ఒక్కో పేరా కాగానే రఫ్ కాగితం మీద ఒక మాట రాసుకోండి: నష్టం, కరెంటు ఖర్చు, సబ్సిడీ, అభ్యంతరం. ఈ నాలుగు మాటలే తర్వాత మీకు దారి చూపిస్తాయి. ఇవి లేకపోతే ప్రతి ప్రశ్నకూ మళ్లీ మొదటి వాక్యం నుంచి చదువుతారు. చాలామందికి సమయం పోయేది సరిగ్గా అక్కడే.

మిగిలింది ఆరు నిమిషాలు. పదాల అర్థాలు అడిగే రెండు ప్రశ్నలకు ఆ పదమున్న వాక్యం, దాని ముందు వాక్యం చూస్తే సాధారణంగా సరిపోతుంది. ఒక్కోదానికి 20 సెకన్లు. నేరుగా అడిగే నాలుగింటికి రఫ్ కాగితంలోని మాటను బట్టి పేరాకు వెళ్లండి. ఒక్కోదానికి 35 సెకన్లు. అంటే ఆరు ప్రశ్నలూ మూడు నిమిషాల్లో పూర్తి.

[తెరపై: 03:00]

చివరికి మిగిలేవి 'కింది వాటిలో ఏది సరికాదు' అనే రకం. వీటిని కావాలనే చివరికి ఉంచాం, ఎందుకంటే ఇచ్చిన ప్రతి వాక్యాన్నీ ప్యాసేజీలో వెతికి సరిచూడాలి. ఒక్కోదానికి నిమిషంన్నర పడుతుంది. ఇక్కడ వలలా పనిచేసేవి చిన్న మాటలే. 'చాలామంది చిన్న రైతులు గిడ్డంగులు వాడలేకపోతున్నారు' అని ప్యాసేజీలో ఉంటే, 'చిన్న రైతులెవరూ వాడలేకపోతున్నారు' అని ప్రశ్నలో ఇస్తారు. వేగంగా చదివే కంటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి.

నిమిషంన్నర దాటినా తేలకపోతే వదిలేయండి. తప్పు జవాబుకు పావు మార్కు పోతుంది. ఐదు ఆప్షన్లలో ఒక్కటీ తీసేయలేని స్థితిలో గుడ్డిగా పెడితే సగటున వచ్చేది సున్నా. రెండింటిని నమ్మకంగా కొట్టివేయగలిగితే మాత్రం పెట్టండి, లెక్క మీవైపు ఉంటుంది.

ఈసారి మాక్ టెస్టు రాసేటప్పుడు ప్యాసేజీ మొదటి పేరాకు ఎన్నిసార్లు తిరిగి వెళ్లారో రఫ్ కాగితం మీద గీతలు పెట్టుకోండి. నాలుగైదు గీతలు దాటితే లోపం వేగంలో లేదు. పేరాకు ఒక మాట రాసే పని సరిగా జరగలేదని అర్థం.